కొండవాలు మీద 3,200 చదరపు మీటర్లు, తీరా పరిస్తే మ్యాట్ చాలలేదు

ఘాట్‌రోడ్_గిరి
అందరికీ నమస్తే. పాడేరు వైపు ఒక ఘాట్ రోడ్డు పైన తవ్విన వాలుకి కొబ్బరి పీచు మ్యాట్ పరిచే పని మాది. అది ఎర్రగా మెత్తబడిన ఖోండలైట్ నేల. వానకి జారిపోకుండా మ్యాట్ పరిచి, మేకులు కొట్టి, గడ్డి విత్తనం చల్లుతాం. డ్రోన్ ఫొటో మీద బౌండరీ గీస్తే QGIS మ్యాప్ సాఫ్ట్‌వేర్ 3,200 చదరపు మీటర్లు చూపించింది. రోడ్డు వెంట 64 మీటర్లు, కొండ వైపు 50 మీటర్లు, కాబట్టి లెక్క సరిపోయింది. మ్యాట్ రోల్ 2 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు, అంటే 50 చదరపు మీటర్లు. అంచులు ఒకదాని మీద ఒకటి పడాలి కదా అని 10 శాతం కలిపి 71 రోల్స్ తెప్పించాం.

ఎడమ నుంచి పరుచుకుంటూ వస్తే 26 పట్టీలు పడ్డాక సరుకు అయిపోయింది. కుడివైపు దగ్గర దగ్గర 15 మీటర్లు బోడిగా ఉంది. మేస్త్రీ నన్ను చూసి నవ్వుతున్నాడు, నాకేమో టెన్షన్. జూన్ దగ్గర పడింది. వాలు వల్లే తేడా వచ్చిందని తెలుసు. ఎంత కలపాలో, ఎలా లెక్క కట్టాలో చెప్పండి. మళ్లీ రోల్స్ తక్కువ పడితే లారీ ఖర్చు నా జేబులోంచే.

జీఐఎస్_హరిత
ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎలిప్సాయిడ్ పెట్టారా? అది `None` అని ఉంటే QGIS చదును లెక్క ఇస్తుంది. WGS84 పెడితే `$area` నేల మీది అసలు విస్తీర్ణం ఇస్తుంది. నాకు ఒకసారి ఇలాగే తేడా వస్తే అది మార్చగానే సరిపోయింది.

ఘాట్‌రోడ్_గిరి
పెట్టి చూశాను మేడమ్. 3,200 కాస్తా 3,202 అయింది. రెండు చదరపు మీటర్లకి నా 15 మీటర్ల ఖాళీ పూడదు.

సర్వేయర్_తాత
అమ్మా హరితా, ఎలిప్సాయిడ్ చూసేది భూమి గుండ్రాన్ని, కొండని కాదు. ఆ లెక్కలో మీ కొండ ఉందనే కంప్యూటర్‌కి తెలియదు. పైనుంచి చూస్తే పడే నీడ ఎంతో అంతే చెబుతుంది.

గిరి బాబూ, మీది చాలా పాత తప్పు. దీనికి ముందు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక టేపూ ఇద్దరు మనుషులూ చాలు. పై అంచు దగ్గర టేపు పట్టుకుని, నేలకి ఆనిస్తూ కింద కాలువ దాకా వదలండి. పటంలో 50 మీటర్లన్నారు కదా, టేపు ఎంత చూపిస్తుందో రాయండి. వాలు అంతా ఒకటేనా, మధ్యలో మారుతోందా? మారుతుంటే ప్రతి ముక్కకీ విడిగా కోణం కావాలి. రెండు మీటర్ల సూటి బద్దని వాలు మీద పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి కోణం చూడండి. ఫోన్ని నేరుగా మట్టి మీద పెడితే ఏదో ఒక రాయి కోణం వస్తుంది. మా రోజుల్లో అబ్నీ లెవెల్ వాడేవాళ్లం, ఇప్పుడు ఫోనే నయం.

ఘాట్‌రోడ్_గిరి
టేపు రేపు పెడతాను తాతగారూ. ఈలోపు డిజైన్ కాగితంలో ఉన్న వాలులతో నేనే లెక్క వేశాను. పై భాగం 46.6, మధ్య భాగం 84. కాస్‌తో భాగించాలని నెట్‌లో చదివాను. పై భాగానికి 1.455 రెట్లు వచ్చింది, ఫర్వాలేదు అనిపించింది. మధ్య భాగానికి 9.6 రెట్లు వస్తోంది. 1,500 చదరపు మీటర్లు 14 వేలు ఎలా అవుతుంది?

సర్వేయర్_తాత
అవి డిగ్రీలు కాదు బాబూ, శాతాలు. 84 డిగ్రీలంటే గోడ. దాని మీద మ్యాట్ కాదు, బల్లి పాకాలి. వంద మీటర్లు అడ్డంగా వెళితే 84 మీటర్లు ఎత్తు పెరుగుతుందని అర్థం, డిగ్రీల్లో అది 40. అలాగే 46.6 శాతం అంటే 25 డిగ్రీలు.

మధ్య భాగం తప్పు మీకు వెంటనే కనిపించింది, అది మంచిదే. నన్ను భయపెట్టేది పై భాగం. 1.455 అనేది నమ్మేట్టుగా ఉంది, ఎవరూ ప్రశ్నించరు. అసలు రావలసింది 1.103. వాలు చిన్నదైన చోట ఈ తప్పు దాక్కుంటుంది. శాతం చేతిలో ఉంటే కాస్ జోలికే పోవద్దు, ఇలా చేయండి:

```
sqrt(1 + (శాతం/100)^2)
```

డిగ్రీలుంటే 1/cos. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. రాకపోతే ఎక్కడో డిగ్రీలూ శాతాలూ కలిసిపోయాయని అర్థం.

కాఫీతోట_సింహాచలం
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది చింతపల్లి దగ్గర. మా తోట అంతా వాలే. పాస్‌బుక్‌లో రెండు ఎకరాలు ఉంది. తాతగారు చెప్పిన ప్రకారం చూస్తే 30 డిగ్రీల వాలుకి 1.15 రెట్లు కదా, అంటే మాకు రెండు ఎకరాల 30 సెంట్లు రావాలి. మిగతా 30 సెంట్లు రికార్డులో ఎందుకు ఎక్కలేదు? అర్జీ పెట్టమంటారా?

సర్వేయర్_తాత
పెట్టకండి సింహాచలం గారూ. మీ భూమి ఎవరూ తినలేదు. రికార్డులో విస్తీర్ణం ఎప్పుడూ చదునుదే. గొలుసుతో కొలిచే రోజుల్లోనూ వాలు వచ్చిందంటే గొలుసుని నేల మీద పడుకోబెట్టేవాళ్లం కాదు. మట్టంగా గాల్లో పట్టుకుని, గాల్లో ఉన్న కొస నుంచి దారానికి గుండు కట్టి వదిలి, అది నేలకి తాకిన చోట పుల్ల గుచ్చేవాళ్లం. మళ్లీ అక్కడి నుంచి ఇంకో మెట్టు. వాలు నిటారుగా ఉంటే పూర్తి గొలుసు పట్టలేం, పది పదిహేను అడుగుల మెట్లుగా దిగాలి. ఎండలో ఒక కొండ దిగేసరికి సగం రోజు పోయేది.

ఎందుకు అలా అంటే, మీ పొలం గట్టూ పక్కవాడి గట్టూ పటంలో అతకాలి. వాలు మీద కొలిచిన ముక్కలని పక్కపక్కన పెడితే పటం మూసుకోదు, ఊరి మొత్తం కన్నా పొలాల మొత్తం ఎక్కువ వస్తుంది. మీ పక్కవాడి రెండు ఎకరాలు కూడా చదునువే, అందరికీ ఒకటే కొలత.

కాఫీతోట_సింహాచలం
సరే, అర్జీ మానేస్తాను. మరి మొక్కలు? రెండు మీటర్లకి ఒకటి చొప్పున పెట్టాలంటారు. వాలు మీద టేపు పెట్టి రెండు మీటర్లా, చదునుగా రెండు మీటర్లా? నేల ఎక్కువ ఉంది కాబట్టి మొక్కలు ఎక్కువ పడతాయి కదా.

జీఐఎస్_హరిత
మొక్క నిటారుగా పెరుగుతుంది, వాలుకి లంబంగా కాదు. ఎండ కూడా పైనుంచే పంచుకోవాలి. అందుకే చదునుగా రెండు మీటర్లు అనుకుంటా. అంటే 30 డిగ్రీల మీద టేపు ఆనించి కొలిస్తే రెండు మీటర్ల 31 సెంటీమీటర్లు.

కాఫీతోట_సింహాచలం
మా నాన్న వాలు మీదే టేపు పెట్టి నాటాడు. చెట్లు బాగానే ఉన్నాయి. నీడ చెట్ల కింద ఎండ సంగతి అంత పట్టింపు ఉంటుందా? వేరుకి మట్టి ఎంత ఉందన్నది కూడా చూడాలి కదా. దీని మీద మా ఊళ్లోనే రెండు మాటలున్నాయి.

సర్వేయర్_తాత
వ్యవసాయం నాకు తెలియదు, మీరే తేల్చుకోండి. నేను చెప్పగలిగింది ఒకటే: హెక్టారుకి ఇన్ని మొక్కలని కాగితంలో రాసి ఉంటే ఆ హెక్టారు చదునుది. ఎరువు, సున్నం మోతాదు కూడా హెక్టారుకి ఇంత అనే రాస్తారు. గిరి గారి మ్యాట్ అలా కాదు, అది నేల చర్మాన్ని అంటుకుని ఉండాలి. ఏ విస్తీర్ణం కావాలన్నది పని బట్టి ఉంటుంది.

ఘాట్‌రోడ్_గిరి
టేపు పెట్టాను. తాడు కట్టుకుని ఇద్దరం దిగాం. వాలు మూడు రకాలుగా ఉంది. పై భాగం పటంలో 900 చదరపు మీటర్లు, 25 డిగ్రీలు. మధ్యది 1,500, 40 డిగ్రీలు. రోడ్డు పక్క కింది భాగం 800, 50 డిగ్రీలు. పైనుంచి కింది దాకా నేలకి ఆనించిన టేపు 65 మీటర్ల 60 చూపించింది. పటంలో 50!

లెక్క ఇలా వేశాను:

```
900 / cos25°  =  993
1500 / cos40° = 1958
800 / cos50°  = 1245
మొత్తం         = 4196
```

65.6 ని 64 తో గుణించినా దాదాపు అంతే వస్తోంది. సరిగ్గా చేశానా?

సర్వేయర్_తాత
చక్కగా చేశారు. రెండు దారుల్లో ఒకటే వచ్చింది, ఇక అనుమానం లేదు. 1.31 రెట్లు.

జీఐఎస్_హరిత
మూడు ముక్కలు చేయడం ఎందుకు? సగటు వాలు తీసుకుంటే 38.3 డిగ్రీలు. ఒక్కసారే భాగిస్తే 4,076 వస్తోంది.

సర్వేయర్_తాత
120 చదరపు మీటర్లు తక్కువ వచ్చింది చూశావా అమ్మా? అది రెండున్నర రోల్స్. వాలు నిటారు అయ్యేకొద్దీ ఒక్కో డిగ్రీ ఖరీదు పెరుగుతుంది. 25 నుంచి 35 కి వెళితే 1.10 కాస్తా 1.22 అవుతుంది. అదే 40 నుంచి 50 కి వెళితే 1.31 నుంచి 1.56 కి ఎగురుతుంది. సగటు తీస్తే నిటారు ముక్క తినే అదనాన్ని మెత్తటి ముక్క మింగేస్తుంది. ఈ తప్పు ఎప్పుడూ తక్కువ వైపే పోతుంది, ఎక్కువ వైపు రాదు. ముందు ముక్క ముక్కకీ దిద్దు, తర్వాత కలుపు.

జీఐఎస్_హరిత
సరే, ఒప్పుకున్నాను. అయితే ముక్కలని చేత్తో విడదీయకుండా ఎలివేషన్ డేటాతో ప్రతి గడికీ చేయొచ్చు. గిరి గారి బౌండరీ తీసుకుని ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎస్ఆర్‌టీఎం మీద చేసి చూశాను. QGIS రాస్టర్ కాలిక్యులేటర్‌లో `1 / cos("slope@1")` పెట్టాను. కొన్ని గడులకి మైనస్ వస్తోంది. మైనస్ విస్తీర్ణం ఏమిటి?

డ్రోన్_ప్రసాద్
హ హ, మా ఆఫీసులో ప్రతి కొత్తవాళ్లకీ ఇదే. వాలు డిగ్రీల్లో వస్తుంది, ఆ కాలిక్యులేటర్‌లో cos రేడియన్లు అడుగుతుంది. 40 ని రేడియన్లనుకుంటే మైనస్ 1.5 వస్తుంది, అది మీకు దొరికింది. 25 పెట్టి చూడండి, 1.009 వస్తుంది. 50 కి 1.036. రెండూ బుద్ధిగా కనబడే అబద్ధాలు. వాలంతా 25 దగ్గరే ఉండి ఉంటే మీకు అనుమానమే వచ్చేది కాదు.

ఇంకోటి, ఎస్ఆర్‌టీఎం ఫైల్ అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది. గడి వెడల్పు డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో. దాన్ని అలాగే వాలు తీస్తే కొండంతా 89 డిగ్రీలు వస్తుంది. ముందు మీటర్లలోకి మార్చాలి. పాడేరుకి UTM 44 జోన్.

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 30 30 -r bilinear dem.tif dem_utm.tif
gdaldem slope dem_utm.tif slope.tif
```

ఆ తర్వాత కాలిక్యులేటర్‌లో:

```
1 / cos("slope@1" * 3.14159265 / 180)
```

బౌండరీ లోపల దీని సగటు తీసి, పటంలోని విస్తీర్ణంతో గుణించండి. ఇక్కడ సగటు తప్పు కాదు, ఎందుకంటే ప్రతి గడినీ ముందే దిద్దాం. డెమ్‌ని, అంటే ఈ ఎత్తుల ఫైల్‌ని, బౌండరీ కన్నా కాస్త వెడల్పుగానే కోయండి. సరిగ్గా బౌండరీకి కోస్తే అంచు గడులకి పక్కగడి ఉండక వాలు రాదు.

జీఐఎస్_హరిత
థాంక్స్ అన్నా. ఇప్పుడు వచ్చింది. సగటు 1.14. అంటే 3,648. గిరి గారి టేపు లెక్క 4,196. ఇంత తేడానా? టేపు తప్పేమో?

డ్రోన్_ప్రసాద్
టేపు కరెక్ట్. 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు. గిరి గారి స్థలం మొత్తం కలిపి మూడున్నర గడులు! పైగా ప్రతి గడి వాలూ చుట్టూ ఉన్న ఎనిమిది గడులతో కలిపి తీస్తుంది, అంటే 90 మీటర్ల మేర. రోడ్డు చదునూ, కొండ పైనున్న మెత్తటి భాగమూ కూడా అందులో కలిసిపోయాయి. 50 డిగ్రీల కింది ముక్క 12 మీటర్లే ఉంది, దాన్ని ఆ గడి చూడనే చూడదు. ఎస్ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో తీసింది, ఈ వాలు తవ్వకముందు. ఊరంత అడవికైతే అది వాడండి, తక్కువ వైపే వస్తుందని గుర్తుంచుకుని. అర ఎకరం, ఎకరం ముక్కకి టేపు గానీ డ్రోన్ గానీ.

ఘాట్‌రోడ్_గిరి
డ్రోన్ డేటా మా దగ్గర ఉంది ప్రసాద్ అన్నా. ఎగరేసిన కుర్రాడు 5 సెంటీమీటర్ల డెమ్ ఇచ్చాడు. దాని మీద GRASS లోని r.surf.area నడిపిస్తే 5,310 వచ్చింది. ఇప్పుడు ఇది నమ్మాలా, టేపు నమ్మాలా? ఇంకా చిన్న గడి కదా, ఇంకా నిజం కావాలి కదా.

డ్రోన్_ప్రసాద్
అదే దీంట్లో ఉన్న చిక్కు. గడి చిన్నదయ్యేకొద్దీ విస్తీర్ణం పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. 5 సెంటీమీటర్లలో మీరు ప్రతి పొదనీ, ప్రతి రాయినీ, గడ్డి దుబ్బునీ పక్కలతో సహా కొలిచారు. మ్యాట్ పొద చుట్టూ తిరగదు, పొదని మీరు కొట్టేస్తారు. చిన్న గుంత మీద మ్యాట్ వంతెనలా పోతుంది.

పొదలు తీసేసిన నేల మాత్రమే ఉన్న డెమ్ అడగండి. దాన్ని 0.5, 1, 2, 5 మీటర్ల గడులకి మార్చి ఒక్కోదానికీ విస్తీర్ణం తీయండి. ఎక్కడ అంకె నిలబడుతుందో చూడండి. మ్యాట్ రెండు మీటర్ల వెడల్పు కాబట్టి నేనైతే ఒకటి, రెండు మీటర్ల మధ్య నమ్ముతాను. విత్తనం నీళ్లలో కలిపి స్ప్రే చేసేటట్టయితే అది గుంతలోకీ పోతుంది, అప్పుడు ఇంకాస్త చిన్న గడి.

ఇల్లుకడుతున్న_వాసు
ఇదంతా చదివాక అర్థమైంది, మా పెంకుటింటి కప్పుకి పెంకులు ఎందుకు తక్కువ పడ్డాయో. మేస్త్రీ ఇంటి ప్లాన్ చూసి లెక్క చెప్పాడు.

ఘాట్‌రోడ్_గిరి
అప్‌డేట్. పొదలు తీసేసిన డెమ్ కుర్రాడు పంపాడు. అర మీటరుకి 4,390, ఒక మీటరుకి 4,260, రెండు మీటర్లకి 4,215, అయిదుకి 4,130. టేపు 4,196. అయిదు మీటర్ల దగ్గర వాలు మారే మలుపులు గుండ్రబడిపోయినట్టున్నాయి.

ఇక రోల్స్ సంగతి. విస్తీర్ణాన్ని 50 తో భాగించి మళ్లీ మోసపోదలచుకోలేదు, పట్టీల లెక్క వేశాను. పక్కకి 10 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడితే పట్టీ 1.9 మీటర్లు కప్పుతుంది. 64 మీటర్లకి 34 పట్టీలు. ఒక్కో పట్టీ పొడవు 65.6, పైన కాలువలో పాతడానికీ, మధ్యలో అతుకులకీ కలిపి 67 మీటర్లు. 34 పట్టీలకి 2,278 మీటర్లు, అంటే 92 రోల్స్. మొదట తెప్పించిన 71 రోల్స్ పొడవు 1,775 మీటర్లు. దాన్ని 67 తో భాగిస్తే 26 న్నర పట్టీలు. సరిగ్గా 26 దగ్గరే కదా ఆగింది! ఇక నమ్మకం కుదిరింది. ఇంకో 21 రోల్స్ ఆర్డర్ పెట్టాను, చిరిగితే ఉంటాయని రెండు అదనం.

సర్వేయర్_తాత
ఆగిన పట్టీ లెక్కకి దొరికిందంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కింది 50 డిగ్రీల చోట మేకులు దగ్గర దగ్గరగా కొట్టించండి. వాటి సంఖ్య కూడా వాలు మీది విస్తీర్ణానికే, పటానికి కాదు.

ఘాట్‌రోడ్_గిరి
మేకులు కూడా 3,200 కే తెప్పించాను తాతగారూ. మళ్లీ ఫోన్ చేయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఒప్పందంలో "మ్యాట్ పరచుట, చదరపు మీటరుకి ఇంత" అని మాత్రమే ఉంది. ఏ చదరపు మీటరో రాయలేదు. బిల్లు చూసే ఇంజినీరు గారు డ్రాయింగ్ ప్లాన్‌లో ఉన్న 3,200 కే ఇస్తానంటున్నారు. నేను 4,196 అంటున్నాను. ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా?

డ్రోన్_ప్రసాద్
నాకు తెలిసిన రెండు పనుల్లో ఒకచోట పరిచిన కొలతకి ఇచ్చారు, ఇంకోచోట ప్లాన్ కొలతకే ఇచ్చారు. అక్కడ రేటులోనే వాలు కలిపేశామని వాదించారు. మీ రేటు ఎలా కట్టారో చూసుకోండి.

సర్వేయర్_తాత
ఆయన్ని వాలు దగ్గరికి తీసుకెళ్లి టేపు రెండో కొస ఆయన చేతికి ఇవ్వండి. ఆ కొలత మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించి, ఆయన ముందే సంతకాలు చేయించండి. మ్యాట్ మీద గడ్డి లేచాక టేపు ఎక్కడ పెట్టారో ఎవరికీ కనపడదు.

ఘాట్‌రోడ్_గిరి
సోమవారం వస్తానన్నారు. తాడు రెండోది కూడా సిద్ధం చేశాను.